పన్నెండు లక్షల పక్కన ఒక బ్రాకెట్టు

మా స్టాఫ్‌రూంలో బడ్జెట్ ప్రసంగాన్ని వెనకనుంచి చదువుతాం. ఇదేమీ గొప్ప విద్య కాదు, దెబ్బలు తిని నేర్చుకున్న అలవాటు. మొదటినుంచి చదివితే రైతు, యువత, పెట్టుబడి, ఎగుమతి అంటూ దేశం ముందుకు వెళ్తూనే ఉంటుంది. మన ఇల్లు మాత్రం ఏ స్టేషనులోనూ రాదు. ఇన్‌కంటాక్స్ ముచ్చట చివరి పేజీల్లో ఉంటుంది, పెళ్లి భోజనంలో పెరుగులాగా. అంతదాకా విస్తరి ముందు కూర్చున్నవాడికే దక్కుతుంది.

నేను బాపట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ఉండేది తెనాలి. రోజూ రైల్లో వచ్చి పోతుంటాను. ఆ ఫిబ్రవరి ఒకటిన కామర్స్ మాష్టారు తన ఫోన్ని నీళ్ల బాటిలుకి ఆనించి పెడితే, దాని చుట్టూ అరడజను మందిమి చేరాం. గది ఊడుస్తున్న ఆయమ్మ చీపురు ఆపి అడిగింది.

"సార్, సబ్బులు తగ్గుతాయాండి?"

"సబ్బు ధర ఇందులో ఉండదమ్మా," అన్నాను. " జీఎస్టీ కౌన్సిలని ఉంది, వాళ్లు వేరే కూర్చుని చూస్తారు."

"పోనీ గ్యాసు?"

"అదీ ఇందులో ఉండదు."

"మరి ఇందులో ఏంటండి ఉండేది?"

అర్థశాస్త్రంలో పీజీ చేసినవాణ్ణి. ఫోను సౌండు పెంచాను. ఆయమ్మ కాసేపు చూసి మళ్లీ ఊడ్చుకుంది.

అంతలో ఫోన్లో బల్లలు చరిచారు. పన్నెండు లక్షల ఆదాయం దాకా పన్ను లేదు. తెర కింద ఎర్రపట్టీ మీద ఆ పన్నెండు ఎగిరెగిరి పడుతోంది. మా ఫిజిక్స్ మాష్టారు లేచి నిలబడి, ఈ నెల జీతంలో పన్ను కోయొద్దని ఆఫీసులో ఇప్పుడే చెప్పొస్తానన్నాడు.

"కూర్చోండి మాష్టారూ," అన్నాడు కామర్స్ ఆయన. "అది ఏప్రిల్ నుంచి సంపాదించబోయే డబ్బుకి. ఫిబ్రవరి జీతంలో కోత కోతే."

"మరి ఇప్పుడెందుకు చప్పట్లు కొట్టారు?"

"ఇప్పుడు కొట్టేవి చప్పట్లు. కోత ఆపేది ఏప్రిల్లో."

ప్రసంగం పూర్తి పాఠం ఫోన్లోకి వచ్చాక నేను నా అలవాటు ప్రకారం చివరినుంచి మొదలుపెట్టాను. ఇంగ్లీషే, అదీ మనుషులు మాట్లాడే ఇంగ్లీషు కాదు. పన్నెండు లక్షల వాక్యం దొరికింది. దాని మధ్యలో ఒక బ్రాకెట్టు ఉంది. నెలకి సగటున లక్ష అన్నమాట అని చెబుతూ, అదే ఊపిరిలో, స్థలాలూ షేర్లూ అమ్మితే వచ్చే లాభంలాంటి ప్రత్యేక రేటు ఆదాయం కాకుండా, అని ముగించారు. అంటే దాచలేదు, చెప్పారు. ఇంట్లో నిద్రపోతున్న పిల్లాడు లేవకుండా చెప్పినట్టు చెప్పారు.

ఆ బ్రాకెట్టు చూడగానే నాకు రేపల్లెలో మా అక్క గుర్తొచ్చింది.

అక్క రేపల్లెలో టీచరుగా చేసి రిటైరైంది. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. రేపల్లె ఇంటికి వీధిలోంచి ఎక్కే మెట్లు కూడా ఆమెకి కొండే. డాక్టరు తెనాలిలో, నేను తెనాలిలో. అందుకని తెనాలిలో ఒక చిన్న పాత అపార్ట్‌మెంటులో కింది అంతస్తు ఫ్లాటు చూసుకుంది. గుమ్మం దాటితే నేల, అంతే, అందులో ఉన్న గొప్ప అదే. దాన్ని కొనడానికి ఎప్పుడో బాపట్లలో కొనుక్కున్న స్థలం అమ్మాలి. కొనేవాడు దొరికాడు, ధర కుదిరింది, ఫిబ్రవరిలోనే రిజిస్ట్రేషన్ అనుకున్నారు. ఇల్లు కట్టుకోడానికి అతనికి బ్యాంకు లోను కూడా వచ్చింది. ఫ్లాటు ఓనరు ఆ నెలాఖరు దాకా ఆగుతానన్నాడు.

పన్ను సంగతి నేను సంక్రాంతి సెలవుల్లోనే బావకి చెప్పాను. స్థలం అమ్మిన డబ్బు మొత్తం ఒక ఇల్లు కొనడంలో పెడితే ఆ లాభం మీద పన్ను పడదు. పాత రూలు. ఉన్న ఇల్లు ఒకటే కాబట్టి అక్కకి వర్తిస్తుంది. బావ తలూపాడు. ఆ ఊపడం నాకు నచ్చలేదు. రిటైరైన లెక్కల మాష్టారు ఆయన. తాను చేసిన లెక్క తప్ప మిగతావన్నీ అలాగే ఊపుతూ వింటాడు.

బావకి ఫోన్ చేస్తే ఎంగేజ్. మళ్లీ చేశాను, ఎంగేజ్. అక్కకి చేశాను.

"మీ బావ ఇందాకట్నుంచి ఫోను దింపలేదురా," అంది అక్క. "పన్నెండు లక్షలంట కదా. పింఛనూ స్థలం లాభమూ కలిపినా అంతకి లోపే కదా, ఏప్రిల్లో రిజిస్ట్రేషన్ పెట్టుకుంటే అసలు పన్నే ఉండదని ఇప్పుడే ఆ కొనేవాళ్లకి చెప్పేశారు."

"ఏం చెప్పారక్కా?"

"ఏప్రిల్ దాకా ఆగమని."

ఫోన్లో చెబితే బావ తలూపి వదిలేస్తాడని, మర్నాడు ఆదివారం రేపల్లె పాసింజరెక్కాను. వేమూరు దాటాక ఎదురు సీట్లో ఒకాయన పేపరు విప్పాడు. మొదటి పేజీలో పన్నెండు అంకె అరచెయ్యంత ఉంది. బ్రాకెట్టు కోసం వెతికాను. పేపర్లో లేదు. అంత పెద్ద పన్నెండు పక్కన ఇక చోటెక్కడిది?

నేను వెళ్లేసరికి అక్కా బావా చర్చినుంచి వచ్చారు. అక్క చెప్పులు విప్పకుండానే వరండా బల్ల మీద కూలబడి మోకాళ్లు పట్టుకుంది. బావ తెల్లచొక్కాలో వెలిగిపోతున్నాడు.

"ఏం బావా, నీ ఎకనామిక్స్ ఏమంటోంది?"

ఫోన్లో ఆ వాక్యం తీసి తెలుగులో చెప్పాను. పన్ను లేదంటే అసలు పడదని కాదు బావగారూ, పడిన పన్నుని మాఫీ చేస్తారు. ఆ మాఫీ పింఛనుకీ బ్యాంకు వడ్డీకీ. స్థలం లాభానికి కాదు. దానికి విడిగా పన్నెండున్నర శాతం ఉంది, ఫిబ్రవరిలో అమ్మినా ఉంది, ఏప్రిల్లో అమ్మినా ఉంది.

"టీవీలో అలా చెప్పలేదే."

"టీవీవాడు బ్రాకెట్టు చదవడు."

"పేపర్లోనూ లేదు."

"ప్రసంగంలో ఉంది."

"అంటే దేశమంతా తప్పు, బాపట్ల కాలేజీ ఒక్కటే ఒప్పు!"

"ఆ మాట నేననలేదు. మా కాలేజీ నెలజీతం కూడా టైముకి ఇవ్వదు."

అక్క కిసుక్కున నవ్వింది. బావ నవ్వలేదు. పేపరు నా ముందు పరిచి, లోపలి పేజీలో ఇంకో వార్త చూపించాడు. అరవై దాటినవాళ్లకి వడ్డీ మీద యాభై వేల పరిమితి కాస్తా లక్షయింది. "ఇదీ అబద్ధమేనా?"

నిజమే. అయితే అది, దాటితే బ్యాంకువాడు ముందే పన్ను పట్టుకునే గీత. గీత జరిగినంత మాత్రాన వడ్డీ ఆదాయం కాకుండా పోదు. మొత్తం ప్రసంగంలో ఆ ఇంటికి నిజంగా మారేది రెండే: వడ్డీలో పన్ను పట్టొద్దని బ్యాంకులో ఇచ్చే ఫారం గోల కాస్త తగ్గుతుంది, ఏప్రిల్ నుంచి పింఛను మీద పన్ను పోతుంది. రెండూ మంచివే. రెండింటికీ స్థలంతో సంబంధం లేదు.

"మీకు జనవరిలో చెప్పిన దారి అలాగే ఉంది," అన్నాను. "డబ్బంతా ఫ్లాటులో పెడితే పన్ను లేదు. ఇవాళ అమ్మినా లేదు."

"మరి అది ప్రసంగంలో ఎందుకు చెప్పలేదు?"

"అది మారలేదు కాబట్టి. మారనిదాని గురించి ఎవరూ ప్రసంగించరు బావగారూ."

"నీ దారికి కాగితాలు కావాలి, ఆడిటరు కావాలి, ఆఫీసువాడు ఒప్పుకోవాలి. దీనికి? లేదంటే లేదు. మంత్రిగారే స్వయంగా లేదన్నారు."

అప్పుడర్థమైంది నాకు. ఆయన తెలివితక్కువవాడు కాదు. నలభై ఏళ్లు పిల్లలకి బ్రాకెట్లో లెక్క ముందు చెయ్యమని చెప్పినవాడు. జీవితమంతా అడక్కముందే పన్ను కోయించుకున్న మనిషికి, ఒక్కసారి పైనున్నవాళ్లు లేదంటే, నమ్మాలనిపించింది. ఆ నమ్మకాన్ని ఆశించే ఆ అంకెని అంత లావు చేశారు. బ్రాకెట్టు మీద నాకు కోపం లేదు, పాపం అది తన పని తాను చేసింది. ఆ బ్రాకెట్టుని ఇంటింటికీ చేర్చే ఖర్చు ఎవరూ పెట్టలేదే, దాని మీద కోపం. పన్నెండుకి మాత్రం ఊరూరా ఊరేగింపు.

"ఏవండీ," అంది అక్క బల్ల మీదనుంచి. "వాడి మాట తప్పయితే పోయేది ఏంటి? ఫిబ్రవరిలో అమ్ముతాం. మీ మాట తప్పయితే నా ఫ్లాటు పోద్ది. అంత లెక్క చెప్పినవారు, ఈ లెక్క చెయ్యండి."

బావ పేపరు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని ఫోన్ తీశాడు. స్పీకర్లో పెట్టాడు.

"అయ్యో మాష్టారూ," అన్నాడు కొనేవాడు. "ఏప్రిలంటిరి కదండి. లోను అప్పటిదాకా ఆగదండి. నిన్న సాయంత్రమే చీరాల రోడ్డులో వేరే స్థలానికి అడ్వాన్సు ఇచ్చేశానండి."

"ఒక్క రోజే కదయ్యా!"

"మీరు మధ్యాహ్నమే చెప్పారు కదండి, ఆగమని. మేమూ టీవీ చూశాంలెండి."

బావ ఫోను పెట్టేసి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. అక్క లేవబోయి, లేవలేక, నా భుజం పట్టుకుంది.

నెలాఖరుకి తెనాలి ఫ్లాటు ఎవరో కొనుక్కున్నారు. బాపట్ల స్థలం వానాకాలంలో అమ్ముడుపోయింది, ఇంచుమించు అదే ధరకి. అప్పటికి అదే అపార్ట్‌మెంటులో మిగిలింది రెండో అంతస్తు ఫ్లాటు. లిఫ్టు లేదు. డబ్బంతా అందులో పెట్టారు, ఆడిటరు లెక్క చూసి స్థలం లాభం మీద పన్ను సున్నా అన్నాడు. పాత రూలు ప్రకారం సున్నా.

గృహప్రవేశ ప్రార్థన నాడు బావ నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లాడు.

"చూశావా బావా? ఆఖరికి సున్నాయే కదా."

అవునన్నాను. ఏమనను?

మొదటి అంతస్తు మలుపులో అక్క ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుంది. ఆస్పత్రినుంచి వచ్చేటప్పుడు అక్కడ కూర్చుని ఊపిరి తీసుకుంటుంది. తర్వాతి బడ్జెట్టు రోజున ఆమె మందుల సంచి పట్టుకుని నేనూ ఆ మలుపులో నిలబడ్డాను. పైనుంచి టీవీ మోత వినిపిస్తోంది, మళ్లీ బల్లలు చరుస్తున్నారు. బావ మెట్ల మీదనుంచి తొంగిచూసి ఏదో అంకె అరిచాడు.

అక్క మోకాలు రాసుకుంటూ, నా జేబులోని ఫోను వంక గడ్డంతో చూపించింది.

"తియ్యరా. ముందు బ్రాకెట్లు చదువు. అవయ్యాక ఎక్కుదాం."