మనిల్లే అనుకో బాబాయ్

వాచ్‌మన్‌ని బాబాయ్ అని పిలిచేది ఆ భవనం మొత్తంలో ఒక్క మొదటి అంతస్తు మేడమ్‌గారే. అదీ విదేశం నుంచి, ఫోన్‌లో. మిగతావాళ్ళకు అతను "ఏయ్, గేటూ!" మాత్రమే. అందుకే ఆవిడ ఫ్లాట్ తాళంచెవిని బనీను లోపల తాడుకు కట్టుకుని తిరిగేవాడు.

"మనిల్లే అనుకో బాబాయ్, అన్నీ నువ్వే చూసుకోవాలి" అనేది ఆవిడ. అతను చూసుకున్నాడు. ఒకటో తారీఖున అద్దె గుర్తుచేయడం అతని పని. అద్దెకున్నాయన, ఓనరమ్మ విదేశంలో ఉంటోంది కాబట్టి పన్ను పట్టుకుని మిగతాది ఆవిడ బ్యాంకు ఖాతాలో వేసేవాడు. కుళాయి పాడైతే ముందు ఫోటో, బాగయ్యాక ఫోటో, ఆపైన బిల్లు ఫోటో. ఫోటో లేనిదే ఆవిడ దృష్టిలో రిపేరే జరగలేదు.

అద్దెకున్నాయన ఖాళీ చేసి వెళ్ళే ముందే చిక్కు మొదలైంది. వాచ్‌మన్ గది సరిగ్గా ఆ ఫ్లాట్ బాత్రూమ్ కింద ఉంటుంది. పైన ఎవరు స్నానం చేసినా కింద అతని భార్య మంచం మీద చినుకులు. ఆవిడకు ఆయాసం. గోడలకు చెమ్మ, చెమ్మకు బూజు, ఆ బూజు వాసనకు రాత్రంతా కూర్చునే నిద్ర.

ప్లంబర్‌ని పిలిచి చూపించాడు. "నేల కింద పైపు జాయింట్ పోయింది. పలకలు పగలగొట్టాల్సిందే. పైన వాళ్ళకేం తెలీదు, నీళ్ళన్నీ నీ నెత్తినే" అన్నాడు ప్లంబర్.

వాచ్‌మన్ తన గది పైకప్పును ఫోటో తీసి పంపాడు.

"ఇదెక్కడిది బాబాయ్?"

"నా గదమ్మా. నీళ్ళు మనింట్లోంచే వస్తున్నాయి."

"మనింట్లో ఎక్కడా తడి లేదుగా! ఫోటోలన్నీ చూశాను. నీ గది అసోసియేషన్‌వాళ్ళది, వాళ్ళనడుగు. కొత్తవాళ్ళొచ్చే టైంలో పలకలు పగలగొడితే ఎలా చెప్పు?"

అసోసియేషన్‌వాళ్ళు, పైపు ఓనరమ్మదే కాబట్టి ఆవిడనే అడగమన్నారు. ఇద్దరి మాటా సబబుగానే ఉంది. భార్య దగ్గు ఒక్కటే ఎవరి ఖాతాలోకీ రాలేదు.

ఫ్లాట్ ఖాళీ అయింది. మేడమ్‌గారు రంగులు వేయించమన్నారు, వేయించాడు. రంగు వాసన పోయాక ఒక ఉదయం భార్యను చేయి పట్టుకుని పైకి తీసుకెళ్ళాడు. కిటికీ పక్కన చాప పరిచాడు. ఎండ తగిలేసరికి ఆవిడ ఊపిరి నెమ్మదించింది. మధ్యాహ్నం హాయిగా నిద్రపోయింది. లేచాక అడిగింది: "ఎవరన్నా ఏమన్నా అంటారేమో?"

"మనిల్లే అనుకోమందిగా" అన్నాడతను. పిచ్చి మనిషి, నిజంగానే అనుకున్నాడు.

సాయంత్రం మేడమ్‌గారు ప్రకటనకు ఫోటోలడిగారు. భార్యను చాపతో సహా పక్క గదిలోకి పంపి హాలు తీశాడు. తర్వాత ఆవిడను హాల్లోకి పంపి పక్క గది తీశాడు. చూపు సరిగా ఆనదు కాబట్టి గోడ అలమరా అద్దాన్ని పట్టించుకోలేదు. తెరిచి ఉన్న గుమ్మం, ఆవల చాప మీద జుట్టు ముడేసుకుంటున్న ముసలావిడ అందులో చక్కగా పడ్డారు.

ఫోన్ వెంటనే మోగింది.

"అద్దంలో ఎవరు బాబాయ్?"

"మా ఆడమనిషమ్మా. కింద చెమ్మకు ఊపిరాడక..."

"కొత్తగా రంగులేసిన ఇంట్లో రోగిష్టి మనిషిని పెట్టావా? అసోసియేషన్ గ్రూపులో ఒక్క మాట పెడితే నీ ఉద్యోగం, గది రెండూ పోతాయి, తెలుసుగా? నేను మంచిదాన్ని కాబట్టి పెట్టట్లేదు. ఇప్పుడే దించేయ్. ఖాళీ గది ఫోటో పంపు."

ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే అతనికి ఇంత అవమానంగా అనిపించేది కాదేమో.

భార్యను మెట్లు దింపాడు. మెట్టు మెట్టుకూ ఆగుతూ, ఊపిరి కోసం కొట్టుకుంటూ దిగింది. చెమ్మ పట్టిన మంచం మీద కూర్చోబెట్టి మళ్ళీ పైకి వెళ్ళాడు. చాప చుట్టాడు, నేల తుడిచాడు, ఈసారి అద్దం వైపు రెండుసార్లు చూసి ఫోటో తీశాడు. మేడమ్‌గారి దగ్గర్నుంచి బొటనవేలి బొమ్మ వచ్చింది.

కొత్తగా అద్దెకొచ్చేవాళ్ళు చూడటానికి వచ్చారు. భర్త కుళాయిలన్నీ తిప్పి చూసి, "బాత్రూమ్‌లో లీకులేమైనా ఉన్నాయా పెద్దాయనా?" అని అడిగాడు. ఫోన్ స్పీకర్లో మేడమ్‌గారు వింటూనే ఉన్నారు.

వాచ్‌మన్ ఫోన్ వైపు చూశాడు. నిజం చెబితే వీళ్ళు వెళ్ళిపోతారు. వీళ్ళు వెళ్ళిపోతే తన గది పోతుంది, ఆయాసంతో ఉన్న మనిషిని పట్టుకుని వీధిన పడాలి.

"ఏమీ లేవండీ. మనింట్లో చుక్క కారదు."

"మా బాబాయ్ చెప్పాడంటే ఇక చూసుకోనక్కర్లేదు" అంది ఫోన్.

వాళ్ళు ఇంట్లో దిగిన మర్నాడు పొద్దున్నే పైన స్నానాలు మొదలయ్యాయి. భార్య దగ్గుతూ లేచి కూర్చుంది. "పైవాళ్ళకు చెప్పరాదూ?" అంది.

అతను మంచం గోడ నుంచి జరిపి, ఆవిడ తల ఉన్న చోట బకెట్ పెట్టాడు. గేటు దగ్గరికి వెళ్ళబోతుంటే ఫోన్ మోగింది.

"అంతా బాగానే ఉందా బాబాయ్? రిపేర్లేమైనా ఉన్నాయా?"

"ఏమీ లేవమ్మా" అన్నాడతను, దగ్గు వినిపించకుండా తలుపు దగ్గరగా వేసి.