తూర్పు హద్దులో మా మరిది పేరు

మా పక్క తోటాయన తన తోట అమ్ముకుంటూ, రాయించుకొచ్చిన దస్తావేజు నకలు మా అరుగు మీద కూర్చుని చదివి వినిపించేడు. సరిహద్దు వాళ్లం కదా, తప్పొప్పులు చూసుకోమని ఆయన మర్యాద. ఉత్తరం కాలువ అన్నాడు, పడమర పుంతదారి అన్నాడు. తూర్పు అని మా మరిదిగారి పేరు చదివి, "ఆయన గారి కొబ్బరితోట" అన్నాడు.

తూర్పున ఉన్నది నా తోట. మేం కూర్చున్న అరుగు కూడా అందులోనే ఉంది.

"అదేంటండీ, అది నాది కదా!" అన్నాను.

"ఆయ్, మీదేనండి, నాకు తెలీదా? ఆన్‌లైన్లో అలా ఉందండి. రైటరు అందులో చూసే రాసేడు."

ఆయన వెళ్లేక అరగ్లాసు బియ్యం పొయ్యి మీద పెట్టి, అవి మాడిపోతున్నా లేవలేకపోయాను. మావారు పోయి ఆరేళ్లు. మా అత్తగారు అంతకు ముందే పోయింది. పిల్లలు లేరు. నాకున్నదల్లా ఈ ఇల్లూ, దాని చుట్టూ ఉన్న ఈ నలభై సెంట్లూ.

సంగతి చెబుతాను. మా మామగారు పోయేక అన్నదమ్ములిద్దరూ చీట్లు వేసుకున్నారు. కాలువ పక్క పొలం మావారికి, ఈ తోట మరిదిగారికి పడ్డాయి. రికార్డుల్లో అలాగే ఎక్కించేరు. ఏడాది తిరక్కుండానే మరిదిగారు, "అన్నయ్యా, నాకు చెట్లంటే తెలీదు, పొలం నాకియ్యి, తోట నువ్వుంచుకో" అన్నారు. తోటలో బొండాం కొట్టించి ఇద్దరూ తాగేరు. అదే దస్తావేజు. ఆ పైన మేం ఇక్కడ ఇల్లు కట్టుకున్నాం. ముప్పై ఏళ్లు దింపు కాయలు మేమే అమ్ముకున్నాం, వాళ్ల పొలంలో వాళ్లు వరి ఊడ్చుకున్నారు. ఆఫీసుకి వెళ్లాలని ఎవరికీ తోచలేదు. అన్నదమ్ముల మధ్య ఆఫీసేంటి అనుకునేవారు.

మర్నాడు అంబాజీపేట వెళ్లి నెట్ సెంటర్లో తోటకి ఈసీ, అదే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టు, తీయించేను. ఊరి పేరు, సర్వే నంబరు కొడితే కాగితం వచ్చింది. చివర నిల్ అని ఉంది. అంటే ఏంటని అడిగితే, "ఏమీ లేదనండి" అన్నాడు మిషను దగ్గరాయన. ఏమీ లేదంటే గొడవేమీ లేదనుకున్నాను. ఇంటికొచ్చి దేవుడి దగ్గర పెట్టి, ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

పైగా నా దగ్గర ఇంకో కాగితం ఉంది. మావారు పోయిన ఆ ఏడాదే మరిదిగారు వచ్చి, "వదినా, నీకు ధైర్యంగా ఉంటుంది" అని ఈ-స్టాంపు కాగితం తెప్పించి, తోట నాది, పొలం ఆయనది అని రాసి సంతకం పెట్టేరు. ఇద్దరు సాక్షులు. పైన ముద్ర, నంబరు, గళ్లు గళ్లుగా చిన్న చదరం, దర్జాగా ఉండేది. తర్వాత రెండేళ్లకే ఆయనా పోయేరు.

అవి చూపిస్తే ఆన్‌లైన్లో పేరు మార్చేస్తారనుకుని, ఆ రెండూ సంచిలో పెట్టుకుని అమలాపురం రిజిస్ట్రారు ఆఫీసు ఎదర కూర్చునే దస్తావేజు రైటరు దగ్గరికి వెళ్లేను. పెద్దాయన. కళ్లజోడు నుదుటి మీదకి తోసి రెండూ చదివేడు.

"నిల్ అంటే గొడవ లేదని కాదమ్మా. ఈ నంబరు మీద రిజిస్టరైన లావాదేవీ ఏదీ లేదని. మీవాళ్లు బొండాం తాగిన సంగతి ఇందులోకి ఎలా వస్తుంది?"

"మరి స్టాంపు కాగితం? గవర్నమెంటుదే కదండీ?"

"కాగితం గవర్నమెంటుదే. మీరు స్టాంపు సొమ్ము కట్టేరని అది చెబుతుంది. లోపల రాసింది నిజమో కాదో దానికి తెలీదు. భూమికి భూమి మార్చుకుంటే రిజిస్టరు చేయించాలమ్మా. లేకపోతే హక్కు మారదు."

"ఆన్‌లైన్లో మరిదిగారి పేరుంది కాబట్టి తోట వాళ్లదే అయిపోయిందా?"

"అదీ కాదు. అడంగలూ, వన్-బీ రెవెన్యూ వాళ్ల లెక్కలు. అందులో పేరున్నంత మాత్రాన సొంతదారని కోర్టు ఒప్పేసుకోదు. ముప్పై ఏళ్లుగా మీరు అనుభవిస్తున్నారు, దానికీ విలువుంది. కాని అది రుజువు చేసుకునేసరికి మీ వయసు..." అని ఆగి, "మీ తోడికోడలితో మాటలున్నాయా?" అన్నాడు.

లేవు. నాలుగేళ్లయింది. కారణం చెప్పుకోవడానికి సిగ్గు. మరిదిగారి పెద్దకర్మ రోజు నన్ను ఆఖరి బంతికి ఉంచింది. పోయినాయనకి వదినగారిని నేను, మొదటి బంతికి పిలవలేదని లేచి వచ్చేసేను. పిలుస్తుందని నేనూ, వస్తానని తనూ ఎదురు చూశాం కాబోలు.

"సంతకం ఆవిడే పెట్టాలి. ఏ కంప్యూటరూ మీ బదులు వెళ్లి అడగదు" అన్నాడాయన.

తోడికోడలు ఉండే కొత్తపేటకి బస్సెక్కేను. తలుపు తీసి నన్ను చూసి తెల్లబోయింది. లోపలికి రమ్మనలేదు, తలుపూ వెయ్యలేదు.

"ఇప్పటికి కాళ్లకి దారి దొరికిందా అక్కయ్యా?" అంది.

"నీకు మాత్రం మా ఊరి బస్సు దొరకలేదేం?"

"పొలం కోసం వచ్చావు కదూ!"

నాకు అర్థం కాలేదు. తనే లోపలికి నడిచి, మంచం మీద కూలబడి అంతా కక్కేసింది. కౌలురైతు పంట నమోదుకి వెళ్తే పొలం బావగారి పేరున చూపించిందట. అప్పట్నించీ ఎప్పుడో ఒకనాడు నేను కాగితాలు పట్టుకొచ్చి పొలం నాదంటానని దిగులట. అందుకే పండక్కీ పబ్బానికీ కూడా కబురు పెట్టలేదట, పిలిస్తే గుర్తుచేసినట్టవుతుందని.

"పిచ్చిదానా, నీ పొలం నాకెందుకే? నేను తోట పోతుందని వణికి చస్తుంటే!"

"నీ తోట నేనేం చేసుకుంటాను! కొబ్బరికాయ ఒలవడమే నాకు రాదు" అంది.

ఇద్దరం నవ్వేం. తర్వాత ఎవరి కొంగు వాళ్లం మొహానికి అడ్డం పెట్టుకున్నాం. ఆ పూట వంకాయ కూర చేసింది. ఉప్పెక్కువైంది. రెండోసారి వడ్డించుకున్నాను.

పని ఒక్కరోజులో తెమల్లేదు. ముందు చనిపోయినవాళ్ల పేర్ల నుంచి వారసుల పేర్లకి మారాలన్నారు. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్లకి సచివాలయం చుట్టూ తిరిగేం. ఆ నెలల్లో తోడికోడలు రోజూ పొద్దున్నే ఫోన్ చేసేది. "అక్కయ్యా, ఆ సర్టిఫికెట్టు వచ్చిందా? మా అమ్మాయి ఆధార్లో ఇంటిపేరు వేరేగా ఉంది, పర్వాలేదంటావా?" అని మొదలెట్టి, ఏం కూర వండిందో, మోకాలు ఎలా ఉందో చెప్పేది. ఫోన్ వచ్చే వేళకి కాఫీ పెట్టుకుని కూర్చోడం అలవాటైపోయింది.

మార్పిడి దస్తావేజు రిజిస్ట్రేషన్ నాడు తనూ వాళ్లమ్మాయీ ఒకవైపు, నేనొకవైపు. వేలిముద్రలు వేసి ఫోటోలు దిగేం. మిషను నా వేలు మూడుసార్లు ఒప్పుకోలేదు. "గిన్నెలు బూడిదతో తోమి తోమి అరగ్గొట్టేవు" అని నా చెయ్యి పట్టుకుని తన చీర చెంగుతో తుడిచింది. నాలుగోసారి పడింది. బస్టాండులో సోడా తాగి, ఎవరి బస్సు వాళ్లం ఎక్కేం.

తర్వాత తోట నా పేరున ఎక్కింది. పొలం వాళ్ల పేరున ఎక్కింది. దస్తావేజు బీరువాలో పెట్టి తాళం వేసేను. ఇప్పుడు ఎవరొచ్చి అడిగినా నాకు భయం లేదు.

పని అయిపోయిన కొత్తలో తను రెండు రోజులకోసారి ఫోన్ చేసేది. తర్వాత వారానికోసారి. అడగడానికి ఏమీ ఉండేది కాదు, "ఇంకేంటి అక్కయ్యా" అంటూ పెట్టేసేది. తప్పు తనది కాదు. నేను చేసినా అంతే. ఈ మధ్య నెల దాటింది.

ఇవాళ పొద్దున్న కాఫీ పట్టుకుని ఫోన్ తీసేను. నంబరు వచ్చింది. ఏం అడగాలా అని ఆలోచించేను. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. చివరికి, "వంకాయ కూరలో ఉప్పెంత వేస్తావే?" అని అడుగుదామని నొక్కేను. మోగుతోంది.