ఐదు వరుసల పుస్తకం

గిరిమిటు రోజుల్లో, అంటే ఐదేళ్ళ కూలి ఒప్పందం మీద మమ్మల్ని ఓడల్లో ఫిజీ దీవులకి తెచ్చిన రోజుల్లో, రాకిరాకి దగ్గర ఒక చెరకు తోట ఆఫీసులో నేను గుమాస్తాను. రోజంతా రాతే పని. ఎవరు ఏ పొలానికి వెళ్ళారు, ఎవరు జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నారు, ఎవరు పనికి రాలేదు, పొద్దుటి గంట నుంచి సాయంత్రం గంట దాకా ఇవే జాబితాలు, అన్నీ ఇంగ్లీషులో. మిషను బడిలో నేర్చుకున్న ఆ నాలుగు ముక్కలే నా చేతికి చెరకు కత్తి రాకుండా కాపాడుతున్నాయి. దొరకి కోపం వస్తే ఆ కత్తి ఎంత దూరంలో ఉందో నాకు తెలుసు. కాబట్టి ఎప్పుడూ భయంగానే ఉండేవాణ్ణి.

మూడో ఏట ఎవరికో ఊరికి ఉత్తరం రాసిపెడుతుంటే తెలుగు రాయడానికి చెయ్యి తడబడింది. దొర మాటలు నకలు చేసీ చేసీ నా సొంత మాట ఒక్కటీ మిగలదేమో అనిపించింది. ఆ వేళే రోజూ రాయాలని ఒట్టు పెట్టుకున్నాను.

ఒట్టు పెట్టుకోవడం తేలికే. మొదట పని దిగాక ఒక పేజీ రాద్దామనుకున్నాను. కూలీల ఇళ్ళ లైన్లలో నా గదికి చేరేసరికి ఒళ్ళు హూనమై, నాలుగో రోజుకే మానేశాను. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ మానేశాను. చివరికి నా బద్ధకానికి తగ్గట్టు లెక్క మార్చాను. పేజీ కాదు, ఐదు వరుసలు. పని దిగాక కాదు, మధ్యాహ్నం గంట కొట్టగానే, అన్నం డబ్బా మూత తియ్యకముందు, నా బల్ల దగ్గరే. సగం వాడి పారేసిన హాజరు పుస్తకం ఒకటి సొరుగులో అన్నిటికన్నా పైన పెట్టి, కలం దాని మీదే ఉంచేవాణ్ణి. వెతుక్కోవలసి వస్తే ఆ రోజు రాయనని నాకు తెలుసు. పైన తారీఖు, కింద ఐదు వరుసలు. పని ఊపిరాడనివ్వని రోజున ఒక్క వరుస చాలు. ఒక రోజు తప్పితే మర్నాడు రెండు రోజులవి రాయకూడదు.

ఏం రాయాలో తోచక కలం పట్టుకు కూర్చోవడం ఇంకో తంటా. అందుకు పాడైన కాగితాలు ముక్కలు చేసి, ఒక్కో దాని మీద ఒక్కో చిన్న ప్రశ్న రాసి పొగాకు డబ్బాలో వేశాను. ఇవాళ ఏ వాసన తగిలింది? ఎవరి చేతులు చూశావు? ఏ చప్పుడుకి ఉలిక్కిపడ్డావు? రేపటి చీటీ ఇవాళే తీసేవాణ్ణి. జాబితాలు రాస్తున్నా మనసు ఒక మూల ఆ ప్రశ్న నమిలేది. గంట కొట్టేసరికి మొదటి వరుస సిద్ధంగా ఉండేది. రెండు నెలల్లో చెయ్యి తిన్నగా అయింది.

భయం మాత్రం తగ్గలేదు. ఆఫీసు కాగితం, ఆఫీసు సిరా, దొరకి అర్థం కాని భాష. వరండాలో బూట్ల చప్పుడు వినిపిస్తే పుస్తకం మీద హాజరు పట్టీ కప్పేసేవాణ్ణి.

ఈ సంగతి తెలిసిన మనిషి ఒక్కతే. మా ఓడలోనే వచ్చింది. ఓడలో కలిసిన వాళ్ళు తోబుట్టువుల కింద లెక్క, నాకన్నా పెద్దది, అందుకని అక్కని మా వైపు పిలిచినట్టు అప్పా అనేవాణ్ణి. కలుపు తీసే గుంపులో పని. ఒకనాడు కిటికీ దగ్గర ఆగి, "రోజూ ఏటి రాత్తావు తమ్ముడూ?" అంది. "ఇక్కడ జరిగిందంతా అప్పా. ఒక్క రోజు వదలను" అన్నాను. గొప్పలు పోయాను. అది నా నోటి దూల.

ఒక మధ్యాహ్నం నేను రాసుకుంటూ ఉండగా ఆమె ఆఫీసుకి వచ్చింది. కలుపు తియ్యమని తనకిచ్చిన సాలు మరీ పొడుగని, అలవి కాదని చెప్పుకోవడానికి. వరండాలో కులంబరు ఎదురయ్యాడు. గుంపు మీద అజమాయిషీ చేసే తెల్లవాణ్ణి అలా అనేవాళ్ళం. చేతిలో బెత్తం ఉంది. నాకు నాలుగు అడుగుల దూరంలో, తెరిచిన కిటికీ అవతల కొట్టాడు. నాలుగు దెబ్బలు. మూడోదానికి ఆమె కిటికీ చువ్వ పట్టుకుని నా వైపు చూసింది. నాకు చేతులు ఆడలేదు అనుకోకండి. ఆడుతూనే ఉన్నాయి. రాస్తూనే ఉన్నాను.

మూడు వారాలకి కూలీల ఫిర్యాదులు వినే ఇన్‌స్పెక్టరు దొర వచ్చాడు. మా ఆఫీసులోనే విచారణ. దుబాసీని నేనే. అప్పటికి ఆమె ఒంటి మీద దెబ్బలు మానిపోయాయి, సాక్షి లేడు. కులంబరు గోడకి ఆనుకుని నిలబడి నన్నే చూస్తున్నాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులోకి తిప్పుతున్నాను.

"సాచ్చి నేడంటన్నారు గానీ ఉన్నాది. ఈ తమ్ముడు ఆ యేల రాత్తన్నాడు. ఈడి పుస్తకంలో ఉంటాది" అంది.

నేను ఆగిపోయాను. మాటలు దొరకలేదని కాదు, చెప్పే ధైర్యం లేక. నేను మింగేస్తానని ఆమెకి తట్టిందేమో, దొర వైపు తిరిగి హిందుస్తానీలో, "కితాబ్ మే లిఖా హై, సాహెబ్" అంది.

పుస్తకంలో రాసుందన్న ఆ ముక్క దొరకి తెలుసు. పుస్తకం తెమ్మన్నాడు. సొరుగు లాగి తీసి ఇచ్చాను. ఆయన ఒక్కో పేజీ తిప్పి తారీఖులు చూశాడు. రోజు తర్వాత రోజు, మధ్యలో ఖాళీ లేదు, తర్వాత ఇరికించిన వరుస లేదు. "ఇది నమ్మదగిన పుస్తకం" అన్నాడు. ఆ తారీఖు తీసి, ముందు నీ భాషలో చదివి తర్వాత ఇంగ్లీషులో చెప్పమన్నాడు.

చదివాను. "ఇవాళ ఏ వాసన తగిలింది? మిల్లు నుంచి పాకం మాడిన వాసన. నిన్నటి వానకి తడిసిన చెరకాకు వాసన. బల్ల మీద కొత్త సిరా వాసన. అన్నం డబ్బాలో చింతపండు పచ్చడి వాసన. ఆకలి వేస్తోంది."

ఆమె ఇంకా వింటూనే ఉంది. "తరవాత?" అంది.

"తరవాత లేదప్పా."

"నాను కిటికీ కాడే గదా ఉన్నాను. నా యేపు సూసినావు."

దొర అడిగాడు, రాసి ఉండకపోతే పోనీ, కంటితో చూశావా అని. పుస్తకంలో లేనిది నోటితో చెప్పొచ్చు. అంతకన్నా సులువైన పని లేదు. గోడ దగ్గర బూటు కదిలింది. "తల వంచుకుని రాసుకుంటున్నాను దొరా" అన్నాను.

ఫిర్యాదు కొట్టేశారు. పుస్తకంలో తప్పేమీ లేదని నాకు తిరిగిచ్చేశారు. బతికిపోయాననిపించింది. నిజం చెబుతున్నాను, మొదట అనిపించింది అదే. ఆమె నన్ను తిట్టలేదు. వెళ్ళిపోతూ, "ఆకలేసినాదా తమ్ముడూ ఆ యేల?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

విచారణకి వచ్చినందుకు ఆ రోజు ఆమె పని ఎగ్గొట్టినట్టు జాబితాలో రాయమన్నారు. రాశాను. ఇంతలో మధ్యాహ్నం గంట కొట్టారు. ఆ రోజు చీటీ చూడలేదు. ఆమె ఏ గుంపు, ఎన్ని దెబ్బలు, ఎవరు కొట్టారు, ఎవరు చూశారు, నా పేరుతో సహా రాశాను. ఐదు వరుసలు దాటి పేజీ నిండింది, ఇంకో పేజీ నిండింది. ఒక్క అక్షరం అబద్ధం లేదు. పైన వేసిన తారీఖు మాత్రం మూడు వారాల తర్వాతది.