గడుల్లో దాక్కున్న సెంట్లు

వెంకటదుర్గని కొవ్వూరు చుట్టుపక్కల ఊళ్ళలో డ్రోను దుర్గ అంటారు. మొదట్లో వెక్కిరింతగానే అన్నారు. తర్వాత అదే పేరైపోయింది. పెళ్ళి శుభలేఖల మీద కూడా 'శ్రీమతి డ్రోను దుర్గ గారికి' అని రాసి పంపినవాళ్ళున్నారు. వాటిని ఆమె పారెయ్యకుండా బీరువాలో దాచుకుంది.

ఇంటర్‌తో చదువు ఆపేసి, గణేష్‌బాబుని చేసుకుని ఈ ఊరొచ్చింది. అతనికి ట్రాక్టరుంది. ఆమెకి మహిళా సంఘంలో సభ్యత్వముంది. సంఘానికి చేలకి మందుకొట్టే డ్రోను ఇస్తాం, నేర్చుకోడానికి ఒకరు రావాలి అని కబురొచ్చినప్పుడు మిగతావాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దుర్గ చెయ్యెత్తింది. ఎందుకెత్తావని ఇంటికొచ్చాక మొగుడడిగితే, "ఏమోనండీ, చెయ్యి దానంతటదే లేచింది" అంది. శిక్షణకెళ్ళిన ఊళ్ళో మొదటి రోజు డ్రోనుని వేపచెట్టులోకి పోనిచ్చింది. చివరి రోజుకి ముగ్గుగిన్నె ఎక్కడ పెడితే అక్కడ దింపడం నేర్చుకుంది.

ఆమెకో గుణముంది. తప్పొకటి కనిపించిందంటే దాని సంగతి తేలేవరకూ కూర్చోదు. కూరలో ఉప్పు ఎక్కువైతే, ఎక్కువైందని ఒప్పుకుని ఊరుకోదు. ఎప్పుడు రెండోసారి వేశానో గుర్తొచ్చేదాకా ఆలోచిస్తుంది. డ్రోనుతో మాట్లాడుతుంది కూడా. గాల్లోకి లేపేముందు "పదమ్మా" అంటుంది, దిగాక "బాగా చేశావు" అంటుంది. గణేష్‌బాబు ఎన్నిసార్లు నవ్వాడో. ఈ మధ్య అతను కూడా బ్యాటరీ మార్చేటప్పుడు "ఆకలేస్తోందా" అని అడుగుతున్నాడు.

ఆ యేడు సార్వా పంటలో వరి పొట్ట మీదుండగా సుడిదోమ పడింది. కాలవ నీళ్ళు తెచ్చే ఒక బోదె కింద పక్కపక్కనే ఉన్న అయిదు చేలవాళ్ళు కలిసి ఒకే పొద్దున మందు కొట్టించుకోవాలనుకున్నారు. ఒక్కడు కొట్టి పక్కవాడు కొట్టకపోతే దోమ గట్టు దాటి మళ్ళీ వస్తుంది కదా. దుర్గ అందరి పట్టాదారు పుస్తకాలూ చూసి, ఎవరికెంతో ఫోన్లో ఎక్సెల్ షీటులో ఎక్కించుకుంది. ఎకరానికి పది లీటర్ల నీళ్ళు, దానికి తగ్గ మందు. మొత్తం ఎకరాలు తెలిస్తే మొత్తం మందు తెలుస్తుంది. ముందు రోజు సాయంత్రం ఆ షీటు ఫొటో తీసి వాట్సాప్‌లో అందరికీ పంపింది.

పొద్దున్నే అందరూ గట్టు మీదికొచ్చారు. మంచు ఇంకా విడలేదు. గాలి లేదు. దుర్గ డ్రోను రెక్కలు విప్పుతోంది. పల్లంరాజుగారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదువుతున్నారు. ఆ బోదె మీద మొదటి చేను ఆయనది. లెక్క ఎక్కడ కనిపించినా కూడి చూడకుండా ఉండలేరు. బస్సు టిక్కెట్టు మీద నెంబర్లు కూడా కూడుతారు.

"అమ్మాయ్, నాలుగు, మూడు, మూడు, రెండు, రెండు. ఎంతయ్యింది?"

"మొత్తం కింద వేశాను కదండి. పదమూడు."

"కింద పదమూడే వేశావు. నాకు పద్నాలుగొస్తోంది."

దుర్గ చేతిలో రెక్క అలాగే ఆగిపోయింది. మనసులో కూడింది. పద్నాలుగే.

"ఒక ఎకరం ఎక్కడో పోయిందమ్మా," అన్నారు రాజుగారు. ఆయన మాటలో కోపమేమీ లేదు. కానీ గట్టు చివర నిలబడ్డ చిట్టెమ్మ ఆ మాట వింది.

చిట్టెమ్మది శివారు చేను. కాలవ నీళ్ళు అందరికీ అందాకే ఆమెకి అందుతాయి. పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద రాసిచ్చిన భూమి అది. మొగుడు పోయాక ఆ చేనే ఆమెకి తోడు. రెండేళ్ళ కిందట ఇలాగే అందరూ కలిసి పవర్ స్ప్రేయరుతో మందు కొట్టించారు. శివారుకొచ్చేసరికి మందు అయిపోయింది. రేపొస్తామన్నవాళ్ళు వారం దాకా రాలేదు. ఈలోగా దోమ సుళ్ళు సుళ్ళుగా చేను మాడ్చేసింది.

"ఇంకెవరిదై ఉంటదండి? నాదే," అంది చిట్టెమ్మ. అని గట్టు మీద కూలబడిపోయింది. "తప్పిపోయేది ఎప్పుడూ నాదే కదా. ఆయ్, కొట్టుకోండి. మీరు కొట్టుకోండి."

"అయ్యో పిన్నీ, నీది వేశాను. ఇదిగో, నీ పేరు చివర్న ఉంది చూడు."

"పేరుంటే సరిపోద్దా అమ్మా? అప్పుడూ పేరుంది."

దుర్గ డ్రోను వదిలేసి ఫోనులో షీటు తెరిచింది. పొద్దెక్కితే గాలి లేస్తుంది, గాలి లేస్తే మందు పక్క చేల మీదికి పోతుంది. అది అందరికీ తెలుసు. గణేష్‌బాబు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు: "పదమూడు చెరిపేసి పద్నాలుగు కొట్టెయ్, దుర్గా. అందరికీ సరిపోద్ది. గొడవ వదిలిపోద్ది."

"సరిపోతుందని ఎలా తెలుసండీ మీకు? కూడింది మిషను. అదెందుకు తప్పు కూడుతుంది? సంగతి తెలీకుండా పద్నాలుగెకరాల మందు కలిపితే, మిగిలింది ఎవరి చేలో పొయ్యమంటారు?"

ఆమె మొహంలోకొచ్చిన పట్టుదల గణేష్‌బాబుకి తెలిసిందే. వెళ్ళి నీళ్ళ డ్రమ్ము మీద కూర్చున్నాడు.

దుర్గ ముందు మొత్తం ఉన్న గడిని తాకింది. కూడిక మొదటి వరస నుంచి అయిదో వరస దాకా ఉంది. చిట్టెమ్మ వరస అందులోనే ఉంది. అయితే ఏ వరసా తప్పిపోలేదు. మరి ఒకటెక్కడికి పోయింది?

"పిన్నీ, ఇలా రా. నీ గడి చెరిపేస్తాను. చెరిపితే మొత్తం తగ్గిందనుకో, నీది లెక్కలో ఉన్నట్టే కదా."

చిట్టెమ్మ లేవలేదు కానీ మెడ చాచి చూసింది. దుర్గ చెరపడానికని చిట్టెమ్మ గడి తాకింది. గడిలో రెండుంది. ఫోను అడుగున, గడిలో నిజంగా ఏముందో చూపించే పట్టీలో మాత్రం రెండు లేదు. 1.65 అని ఉంది.

దుర్గ చెరపలేదు. పై గడి తాకింది. పైకి రెండే, అడుగున 2.25. దాని పైది మూడు, అడుగున 2.55. ఆ పైది కూడా మూడే, అడుగున 2.70. రాజుగారిది నాలుగు, అడుగున 3.60.

"ఓరి దేవుడా," అని నుదురు కొట్టుకుంది. "సెంట్లండీ! సెంట్లు దాక్కున్నాయి!"

అప్పుడు గుర్తొచ్చిందామెకి. నిన్న సాయంత్రం బ్యాటరీల లెక్క కోసం భాగహారం వేస్తే పాయింటు తర్వాత తోకలు తోకలుగా అంకెలొచ్చాయి. ఫొటోలో చూడ్డానికి అసయ్యంగా ఉందని షీటు మొత్తం పట్టుకుని, పాయింటు తర్వాత అంకెలు తగ్గించే బొత్తం నొక్కుతూ పోయింది. తోకలు పోయాయి. వాటితో పాటు ఎకరాల పక్కనున్న సెంట్లూ కనపడకుండా పోయాయి. కనపడకుండా మాత్రమే. లోపల ఎక్కడివక్కడే ఉన్నాయి. మిషను కూడింది లోపలున్న వాటిని. రాజుగారు కూడింది పైకి కనిపించిన వాటిని.

"అంటే," అన్నారు రాజుగారు, "నాకు మూడెకరాల అరవై సెంట్లయితే నువ్వు నాలుగని చూపించావా?"

"నేను కాదండి, మిషనే దగ్గర్లో ఉన్న పూర్తి అంకె చూపించింది. మీకు నలభై సెంట్లు ఎక్కువ చూపించింది. పిన్ని పక్కచేను తాతాజీగారి రెండెకరాల పాతిక సెంట్లకి రెండే చూపించి, పాతిక తగ్గించింది. మొత్తం కూడా అంతేనండి. అసలు పదమూడూ కాదు."

"మరెంత?"

దుర్గ అంకెలు పెంచే బొత్తం రెండుసార్లు నొక్కింది. గడుల్లోకి సెంట్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. అడుగున మొత్తం 12.75 అయింది.

రాజుగారు ఊరికే నమ్మే మనిషి కాదు. కళ్ళజోడు దించుకుని, గట్టు మట్టి మీద పుల్లతో వేసి కూడారు. వంద సెంట్లయితే ఎకరం, దాన్ని ఎకరాల్లో కలుపు, మిగిలింది కిందుంచు. పన్నెండెకరాల డెబ్బై అయిదు సెంట్లు తేలింది. పుల్ల పక్కన పడేసి, "మిషనూ నేనూ ఇద్దరం కరెక్టే," అన్నారు తృప్తిగా. "నలభై సెంట్లు ఊరికే వచ్చి ఊరికే పోయాయి, అదే బాధ."

అందరూ నవ్వారు. చిట్టెమ్మ నవ్వలేదు. లేచి వచ్చి ఫోను ముందు వంగింది.

"నాది చూపించమ్మా."

"ఇదిగో పిన్నీ. ఒకటీ, అరవై అయిదు."

"అరవై అయిదు సెంట్లూ ఉన్నాయా?"

"ఒక్క సెంటు పోలేదు. నిన్నటి ఫొటోలో అయితే నిన్ను రెండెకరాల ఆసామీని చేసేశాను."

చిట్టెమ్మ ఆ అంకె వంక కాసేపు చూసింది. "ఎక్కువొద్దు తల్లీ," అంది. "ఉన్నదానికి మందు పడితే చాలు. అయినా ఎకరం పైమాటంతా చెరిపేస్తే మాలాంటివాళ్ళకి మిగిలేదేంటి? మాది ఆ పైమాటే కదా."

దుర్గ మళ్ళీ ఆ గడి వంక చూసింది. అందంగా కనపడాలని తను నొక్కిన బొత్తం. అది కనపడకుండా చేసిన సెంట్లు ఈమె చేలో మూడోవంతు పైనే. మందు లెక్క చెడలేదు, అది లోపలి అంకెల మీదే నడిచింది. ఆ మాట చెప్పుకుని ఊరుకోవచ్చు. కానీ ఆమె ఊరుకోలేదు.

"పిన్నీ, పొరపాటు నాదే. చూపించేది సరిగ్గా చూపించాల్సింది." అని, గణేష్‌బాబు వైపు తిరిగింది. "ఏమండీ, డ్రమ్ము శివారుకి తోలండి. ఇవాళ అటునుంచి మొదలెడదాం."

ఎప్పుడూ పైనుంచే మొదలెట్టడం అలవాటు. దుర్గ రాజుగారి వంక చూసింది, ఆయనేమంటారోనని. రాజుగారు పంచె ఎగ్గట్టుకుంటూ, "నా మొహం చూస్తావేంటి, గాలి లేచేలోగా కానివ్వు," అన్నారు. డ్రమ్ముకో చెయ్యి కూడా వేశారు.

ట్రాక్టరు గట్టు వెంట చివరికెళ్ళింది. దుర్గ ముక్కుకి గుడ్డ కట్టుకుని మందు కొలిచి కలిపింది. అందర్నీ దూరంగా, గాలి లేచినా మందు మీద పడని పక్కన నిలబెట్టింది. "పదమ్మా," అంది. డ్రోను లేచి చిట్టెమ్మ చేను మీదికెళ్ళింది. రెక్కల గాలికి వరి దుబ్బులు రెండు పక్కలకీ విచ్చుకుంటున్నాయి, సన్నటి తుంపర మొదళ్ళ దాకా దిగుతోంది. చిట్టెమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, డ్రోను ఎటు తిరిగితే అటు తల తిప్పుతోంది. ఈశాన్యం మూల కొబ్బరిచెట్టు కింద అది కొంచెం వెనక్కి తగ్గితే, "ఆ మూల, ఆ మూల!" అని కేకేసింది. దుర్గ రిమోటు తిప్పి, ఆ మూల కూడా తడిపింది.

మందు అయిదు చేలకీ సరిపోయింది. గాలి లేచే వేళకి రాజుగారి చేలో ఆఖరి వరస నడుస్తోంది.

ఆ సాయంత్రం దుర్గ మళ్ళీ ఫొటో పంపింది, ఈసారి సెంట్లతో సహా. చిట్టెమ్మకి చదవడం రాదు. పక్కింటి అమ్మాయి చేత చదివించుకుని, మైకు బొత్తం ఎలా నొక్కాలో అడిగి, గ్రూపులో మొట్టమొదటిసారి మాట్లాడింది: "దుర్గా, అంతా చూశానమ్మా. రేపు మా ఇంటికి అన్నానికి రా. మీ ఆయన్ని కూడా తీసుకురా."