బుధవారమా, శుక్రవారమా

ఆ బిల్డింగులో ఆవిడని అందరూ కండక్టరమ్మ అనే పిలుస్తారు. బస్సులో టికెట్లు కొట్టి కొట్టి రిటైరైంది కానీ, ఆవిడ గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. మెట్ల మీద ఎవరైనా అడ్డంగా నిలబడి కబుర్లాడుతుంటే "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అనేస్తుంది. అన్నాక నాలుక కరుచుకోదు, జరిగేదాకా అక్కడే నిలబడుతుంది. అసోసియేషన్ సెక్రటరీ పదవి ఎవరికీ అక్కర్లేకపోతే తీసుకొచ్చి ఆవిడ నెత్తిన పెట్టారు. పెట్టినవాళ్ళలో మొదటివాడు ప్రెసిడెంటుగారే. పెట్టిన రోజు నుంచీ ఆయనే పశ్చాత్తాపపడుతున్నాడు.

గొడవ రెండో అంతస్తుకీ మొదటి అంతస్తుకీ మధ్య మొదలైంది. పైన టైలరమ్మ ఉంటుంది. హాల్లో మోటారు మిషన్ పెట్టుకుని జాకెట్లు, చుడీదార్లు, స్కూలు యూనిఫాములు కుడుతుంది. అత్తగారి మందులూ, ఇంటి అద్దే, పొయ్యి మీద గిన్నే అన్నీ ఆ మిషన్ మీదే నడుస్తాయి. సరిగ్గా ఆ మిషన్ కింద, ఒక్క స్లాబు అడ్డంగా, అంబులెన్సు డ్రైవరు మంచం ఉంటుంది. అతనిది రాత్రి డ్యూటీ. ఊరంతా పళ్ళు తోముకునే వేళకి వచ్చి పడుకుంటాడు. అతను కళ్ళు మూసేసరికి ఆవిడ పెడల్ నొక్కుతుంది. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు, అదే ఈ గొడవలో అసలు చిక్కు. తప్పున్న గొడవైతే కండక్టరమ్మ ఒక్క కేకతో తేల్చిపారేసేది.

మొదట ఆవిడే ఒక పొరపాటు చేసింది. బస్సులో ముందు ఎక్కినవాడికి ముందు టికెట్ ఇవ్వడం ఆవిడకి అలవాటు. మెట్ల మీద ముందు టైలరమ్మ కనిపించింది కదా అని ఆవిడనే అడిగింది, కూర్చుని మాట్లాడుకోవడానికి ఎప్పుడు వీలవుతుందని. "సోమవారం మధ్యాహ్నం పన్నెండుకి రమ్మనండి పిన్నిగారూ" అంది టైలరమ్మ. కండక్టరమ్మ అట్నుంచి అటే దిగి డ్రైవరు తలుపు కొట్టి ఆ మాట చేరేసింది. అతను ఎర్రటి కళ్ళతో బయటికొచ్చాడు.

"పన్నెండంటే నాకు అర్ధరాత్రక్కా. టైము వాళ్ళే పెట్టేశారా? తీర్పు కూడా రాసిచ్చారా, లేకపోతే అది అక్కడికొచ్చాక చెప్తారా?"

కండక్టరమ్మకి చురుక్కుమంది, ఎందుకంటే అతనన్నది నిజం. ఈలోగా పైన టైలరమ్మకి "అతను రానన్నాట్ట" అన్న మాట మాత్రమే అందింది. రాకపోతే మానె అని మర్నాడు ఇంకో గంట ముందే మిషన్ ఎక్కింది. నిద్ర లేక తల దిమ్మెక్కిన డ్రైవరు తిన్నగా వెళ్ళి ప్రెసిడెంటుగారికి చెప్పుకున్నాడు. రోట్లో తల పెట్టినట్టయింది.

ప్రెసిడెంటుగారికి డ్రైవరు నిద్ర మీద బెంగేమీ లేదు. టైలరమ్మ దగ్గరికొచ్చే ఆడవాళ్ళు తమ స్కూటర్లని ఆయన కారుకి అడ్డంగా పెడతారు, ఆయన కడుపుమంటంతా అదే. సందు దొరికింది కదా అని కండక్టరమ్మని పిలిపించాడు.

"నోటీసు రాయండి. శబ్దకాలుష్యం మీద వచ్చిన ఫిర్యాదుపై విచారణ, ఆదివారం పొద్దున్న పదింటికి. అదే మీటింగులో ఇళ్ళల్లో కుట్టుమిషన్లు నడపకూడదని తీర్మానం చేసేద్దాం."

"ఆదివారం పదింటికి టైలరమ్మ ఇంటి నిండా జనం ఉంటారండీ. వారమంతా కుట్టినవి వేసి చూసుకోవడానికి వచ్చేది అప్పుడే. ఆ అబ్బాయేమో శనివారం రాత్రి డ్యూటీ చేసొచ్చి ఒళ్ళెరగకుండా పడుకునుంటాడు."

"రాకపోతే వాళ్ళ ఖర్మ. నోటీసిచ్చాం కదా?"

"ఇద్దరూ రాలేని టైము పెట్టి వాళ్ళిద్దరి గురించి మాట్లాడటమేంటండీ? పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ లేని పెళ్ళి. ఈ నోటీసు నేను రాయను."

"సెక్రటరీగా మీ పని అదే."

"నా పని నాకు తెలుసు. మీరు చెప్పినట్టు రాయడం అందులో లేదు."

"అయితే ఆదివారం నాడు మీ పదవి గురించి కూడా మాట్లాడాల్సొస్తుంది."

"మాట్లాడండి. నేనెలాగూ వస్తాను, నాకు ఆదివారం ఖాళీయే."

అంత తెగువగా అని బయటికొచ్చింది కానీ, మెట్లెక్కుతుంటే భయమేసింది. భయం పదవి గురించి కాదు. మొదటిసారి తన తొందరపాటు వల్లే ఇద్దరూ బిగుసుకుపోయారు. రెండోసారీ తప్పితే ఆదివారం ఆ తీర్మానం అయిపోతుంది, పైన మిషన్ మూలపడుతుంది. అప్పుడు ఆ పిల్ల ముఖం ఎలా చూడటం?

ఇంటికెళ్ళి ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది. ముందు "మిషన్ చప్పుడు గురించి" అని కొట్టింది. చదువుకుంటే టైలరమ్మ అప్పుడే బోనులో నిలబడినట్టుంది. చెరిపేసింది. "తమ్ముడి నిద్ర గురించి" అని కొట్టింది. అలా చూస్తే పాపం నిద్ర కోసం బతిమాలుకుంటున్నది అతనైపోయాడు. అదీ చెరిపేసింది. "గొడవ" అన్న మాటే వద్దనుకుంది, ఆ మాట చదివితే గొడవకి సిద్ధమై వస్తారు. టైలరమ్మ ఇల్లొద్దు, డ్రైవరు ఇల్లొద్దు, తన ఇల్లూ వద్దు, మొన్న టైలరమ్మనే ముందు అడిగింది కాబట్టి అతనికి అది పరాయి గడపే. అసోసియేషన్ గది తాళంచెవి ప్రెసిడెంటుగారి జేబులో ఉంది, అడిగే ప్రసక్తి లేదు. చివరికి ఇలా రాసింది:

"ఇద్దరికీ నమస్కారం. ఈ సందేశం మీ ఇద్దరికీ ఒకేలా, ఒకేసారి పంపుతున్నాను. పైనా కిందా మీ ఇద్దరి పనివేళలూ విశ్రాంతివేళలూ ఎలా సర్దుకోవాలో కలిసి మాట్లాడుకుందామని నా మనవి. బుధవారం లేదా శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి, కింద పోస్టు డబ్బాల దగ్గర, అరగంట సేపు. మీరిద్దరూ, నేను, అంతే. ఎవరు తప్పు అని తేల్చడానికి కాదు. ఇద్దరి మాటా పూర్తిగా విందాం. రెండు రోజుల్లో ఏది వీలవుతుందో రేపు సాయంత్రంలోగా చెప్పండి. రెండూ కుదరకపోతే మీకు కుదిరే వేళ చెప్పండి, రెండోవారినీ అడిగాకే ఖాయం చేస్తాను. మొన్న ఒకరినే అడిగి టైము చెప్పడం నా పొరపాటు."

మూడున్నర ఊరికే రాసింది కాదు. అప్పటికి అతను నిద్రలేచి, స్నానం చేసి, మనుషుల్లో పడతాడు. టైలరమ్మకి సాయంత్రం బేరాలు ఇంకా మొదలుకావు. బిల్డింగు గ్రూపులో పెట్టకుండా ఇద్దరికీ విడిగా, ఒక్క నొక్కుతో పంపింది. గ్రూపులో పెడితే సలహాలిచ్చేవాళ్ళు ఈగల్లా ముసురుతారని ఆవిడకి బాగా తెలుసు.

రాత్రి డ్యూటీలోంచే డ్రైవరు జవాబిచ్చాడు, ఏదైనా సరే అని. టైలరమ్మ దగ్గర్నుంచి ఏ ఉలుకూ పలుకూ లేదు. మర్నాడు సాయంత్రం ఆవిడే కిందికి దిగొచ్చి కండక్టరమ్మ గుమ్మంలో నిలబడింది.

"అతనికీ ఇదే పంపారా పిన్నిగారూ? అక్షరం తేడా లేకుండా?"

కండక్టరమ్మ ఫోను తీసి చేతిలో పెట్టింది. టైలరమ్మ అతనికి పంపిన దాన్ని మొదట్నుంచీ చివరిదాకా చదివింది.

"బుధవారం వస్తాను. కానీ మిషన్ మాత్రం ఆపను. ముందే చెప్తున్నా."

"ఆ ముక్క నాకు కాదమ్మాయ్, అక్కడికొచ్చి చెప్పు."

బుధవారం పోస్టు డబ్బాల దగ్గర మూడు ప్లాస్టిక్ కుర్చీలు పడ్డాయి. టైలరమ్మ వచ్చీరాగానే అదే మాట అంది, ఆపను అని.

"ఆపమని నేనెప్పుడన్నానండీ?" అన్నాడు డ్రైవరు.

"ఆదివారం తీర్మానమట కదా, ఇళ్ళల్లో మిషన్లే ఉండకూడదని? ప్రెసిడెంటుగారు తనే నోటీసు రాసి అంటించారు."

డ్రైవరు కండక్టరమ్మ వైపు చూశాడు. ఆవిడ తలూపింది. "నేను నిద్ర పట్టట్లేదని చెప్పానంతే. ఒకరి అన్నంలో మట్టి కొట్టమని చెప్పలేదు" అన్నాడు.

తర్వాత కండక్టరమ్మ నోరు మెదపలేదు. ఆ అరగంట అలా ఊరుకోవడం ఆవిడ జీవితంలోకెల్లా కష్టమైన డ్యూటీ. వాళ్ళే మాట్లాడుకున్నారు. మిషన్ అతని మంచానికి సరిగ్గా పైనున్న చోటు నుంచి వంటగది వైపు గోడకి జరుగుతుంది. కాళ్ళ కింద మందపాటి రబ్బరు పట్టా వేస్తారు. కత్తిరింపు, హుక్కులు, చేతికుట్టు పొద్దున్న, మిషన్ రెండు దాటాక. తప్పనిసరి అర్జంటు ఉంటే అతను పడుకోకముందే చెప్పాలి. అతనికి సెలవైన మర్నాడు ఎప్పుడైనా కుట్టుకోవచ్చు. నెల తర్వాత మళ్ళీ కూర్చుని చూద్దామనుకున్నారు.

సరిగ్గా అప్పుడే ప్రెసిడెంటుగారు కారు దిగాడు. "ఎవరి పర్మిషన్‌తో ఈ మీటింగు?"

"ఇరుగూపొరుగూ మాట్లాడుకోవడానికి పర్మిషన్ ఎందుకండీ" అంది కండక్టరమ్మ, కుర్చీలోంచి లేవకుండానే.

ఆదివారం పదింటికి మీటింగు జరిగింది. టైలరమ్మ వచ్చినవాళ్ళని కాసేపు కూర్చోమని, మెడలో టేపుతోనే దిగొచ్చింది. డ్రైవరు యూనిఫాం కూడా విప్పకుండా వచ్చి గోడకి ఆనుకున్నాడు. ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకుని, ఫిర్యాదుదారుణ్ణి మాట్లాడమన్నాడు.

"నాకు ఫిర్యాదేం లేదండీ. మొన్న బుధవారం నుంచి హాయిగా పడుకుంటున్నాను. ఈవేళ ఒక్కరోజే నిద్ర చెడింది, ఈ పదింటి మీటింగు వల్ల."

అందరూ నవ్వారు. ఫిర్యాదు లేకపోయేసరికి తీర్మానం నోట్లోనే ఆగిపోయింది. ఆ నవ్వు ప్రెసిడెంటుగారికి గుచ్చుకుంది. రెండో అంశం తీశాడు, అధ్యక్షుడి మాట ధిక్కరించిన సెక్రటరీని తొలగించడం. టైలరమ్మా డ్రైవరూ అడ్డం తిరిగారు. కానీ ప్రెసిడెంటుగారితో ఎందుకొచ్చిన తంటా అనుకున్నవాళ్ళు ఎక్కువమంది. ఒక్కొక్క చెయ్యీ నెమ్మదిగా లేచింది. కండక్టరమ్మ లేచిన ప్రతి చేతినీ చూసింది. చూసినకొద్దీ కొన్ని చేతులు మోచేతి దగ్గరే వంగిపోయాయి, అయినా సరిపోయాయి.

"సరే, దిగిపోతాను. ఈసారి ఎవరికి తగాదా వచ్చినా ఇద్దర్నీ అడగకుండా టైము పెట్టి చూడండి, నోటీసు ముందు నా కుర్చీ వేసుకుని కూర్చుంటాను" అని సీలూ స్టాంపుప్యాడూ బల్ల మీద పెట్టేసి బయటికొచ్చింది.

టైలరమ్మ మెట్ల దగ్గర అందుకుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు. "నా మిషన్ కోసం మీ పదవి పోయింది పిన్నిగారూ."

"పదవిదేముందే, వాళ్ళిచ్చారు, వాళ్ళు తీసుకున్నారు. నోరు నాదే కదా, దాన్నెవడు తీసుకుంటాడు? పద, పైన నీ కోసం జనం కూర్చునున్నారు."