లక్షకు లోపల ఐదు బిల్లులు

జూబ్లీహిల్స్‌లో మా ఆఫీసు ఒకప్పుడు ఎవరిదో ఇల్లు. నేను కూర్చునే గది వాళ్ల పిల్లల పడకగది అయుంటుంది. పైకప్పుకి అతికించిన నక్షత్రాలు కొన్ని ఇంకా ఊడిపోలేదు. సినిమాలు తీసే కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం నాది. వెంగళరావు నగర్ నుంచి స్కూటీ మీద వచ్చి, ఆ నక్షత్రాల కింద పొద్దంతా బిల్లులు చూసేదాన్ని. మధ్యాహ్నం అయ్యేసరికి కిటికీ అవతల బండరాళ్ల మీద ఎండ కరుగుతున్నట్టు కనిపించేది. కళ్లు తెరిచే ఉండేవి గానీ, ఎక్కడున్నానో నాకు సగమే తెలిసేది.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది మా ప్రొడక్షన్ మేనేజర్ గారు. అరవై దాటిన మనిషి, భీమవరం వైపు నుంచి కుర్రతనంలోనే సినిమాల్లోకి వచ్చారు. షూటింగుకి కావాల్సిన ప్రతి వస్తువూ ఆయన చేతి మీదుగానే వచ్చేది. చేరిన కొత్తలో ఒక బిల్లు నా ముందు పెట్టి, "అంకెలు కూడటం కాల్‌క్యులేటర్ చేస్తుంది అమ్మాయ్. ఈ వస్తువు నిజంగా వచ్చిందా, ఎలా వచ్చింది, అది కళ్ల ముందు కనపడాలి నీకు" అన్నారు. అప్పటినుంచీ ప్రతి బిల్లు వెనకా ఒక బండిని, దించే మనుషుల్ని ఊహించుకోవడం అలవాటైంది నాకు.

మా కంపెనీలో ఒక కట్టుబాటు ఉండేది. లక్ష రూపాయల లోపు కొనుగోలుకి మేనేజర్ గారి సంతకం చాలు. లక్ష దాటితే మూడు దుకాణాల నుంచి ధరలు తెప్పించాలి, నిర్మాత సంతకం ఉండాలి. నిర్మాత ఒక ఆవిడ. మేమంతా మేడమ్ అనేవాళ్లం.

ఆ నెల ఒక పాట కోసం సెట్ వేస్తున్నారు. నాయిక కలలో నడిచే ఆకాశం. దానికి పల్చటి నీలం గుడ్డ కావాలి, వేల మీటర్లు. గుడ్డ బిల్లులు ఒక్కొక్కటిగా నా బల్ల మీదికి వచ్చాయి. ఒకటి సోమవారం, ఇంకోటి బుధవారం, మరోటి శుక్రవారం. ప్రతిదాని మీదా మేనేజర్ గారి సంతకం ఉంది. మీటర్లు, ధర, జీఎస్టీ అన్నీ సరిగ్గా ఉన్నాయి. మూడింటి మీదా 'పాస్' అని ముద్ర వేశాను. మిగతా రెండూ నేను సెలవులో ఉన్నప్పుడు పక్క సీటు ఆవిడ వేసింది. ఒక్కొక్కటిగా చూస్తే ఏ బిల్లులోనూ తప్పు లేదు.

నెలాఖరున కంప్యూటర్లో కొనుగోళ్ల జాబితా తీస్తున్నాను. ఎప్పుడూ తేదీల వరసలో పెట్టేదాన్ని. ఆ రోజు నిద్రమత్తులో వేరే గడి మీద నొక్కాను. జాబితా దుకాణాల వరసలోకి మారిపోయింది. ఎక్కడెక్కడో ఉన్న ఐదు బిల్లులు ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడ్డాయి.

తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల అరవై. తొంభై ఎనిమిది వేల ఐదు వందల ముప్పై రెండు. తొంభై ఏడు వేల చిల్లర. తొంభై ఆరు వేల చిల్లర. చివరిది తొంభై రెండు వేల చిల్లర. ఒక్కటీ లక్ష దాటలేదు. ఒక్కటీ లక్షకు మరీ దూరంగా కూడా లేదు. కలిపితే నాలుగు లక్షల ఎనభై ఐదు వేలు దాటింది.

ఆ తర్వాత నంబర్లు చూశాను. రెండు వందల పదకొండు నుంచి పదిహేను దాకా, మధ్యలో ఒక్క నంబరూ పోలేదు. తేదీలేమో ఆరు రోజుల మీద పరిచి ఉన్నాయి. అంటే ఆ ఆరు రోజుల్లో ఆ దుకాణానికి మేము తప్ప ఇంకో బేరమే రాలేదన్నమాట. అలా జరగొచ్చు, జరగకపోవచ్చు. నేను మాత్రం అలవాటు ప్రకారం గుడ్డ దించిన బండిని ఊహించుకోబోయాను. ఐదు బండ్లు రావాలి. కళ్ల ముందుకి ఒక్కటే వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఫిల్మ్ నగర్ వెనక సెట్ వేసిన షెడ్డుకి వెళ్లాను. లోపల అడుగుపెట్టగానే వచ్చిన పని మర్చిపోయాను. పైనుంచి కింద దాకా నీలం. పొర వెనక పొర, మూడు పొరలు. ఫ్యాను గాలికి అవి నెమ్మదిగా ఊపిరి పీల్చి వదులుతున్నాయి. నేల మీద కూడా గుడ్డే, అలల్లా. చెప్పులు విడిచి రెండడుగులు వేశాను. నా నీడ కూడా నీలంగా పడింది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. బయట కారు హారన్ మోగితే ఉలిక్కిపడ్డాను.

రిజిస్టరు అడిగితే, గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన తీసి ఇచ్చాడు.

"ఈ నీలం గుడ్డ ఎన్నిసార్లు వచ్చింది అన్నా?" అని అడిగాను.

"ఎన్నిసార్లేంది మేడమ్, ఒక్కటే బండి. శనివారం పొద్దుగాల వచ్చింది. గిన్ని తాన్లు ఒక్కసారే దించిండ్రు, నేనే గేటు తీసిన" అన్నాడు. "కాగితాలు గీడనే ఉన్నయి, ఎవ్వరూ తీస్కపోలే."

యాభై వేలు దాటిన సరుకు రోడ్డెక్కాలంటే ఈ-వే బిల్లు ఉండాలి. డ్రైవరు ఇచ్చిపోయిన ఐదు ఈ-వే బిల్లులు రిజిస్టరు అట్టకు గుచ్చి ఉన్నాయి. ఐదింటి మీదా ఒకే లారీ నంబరు. ఐదూ శనివారం పొద్దున, ఒక పావుగంట లోపల తీసినవే. బిల్లుల తేదీలు ఏం చెప్పినా, సరుకు కదిలింది మాత్రం ఒక్కసారి.

ఫోటోలు తీసుకున్నాను. దొంగ దొరికితే కలిగే ఉత్సాహం లేదు. ఇంట్లో మనిషి ఉత్తరం దొంగతనంగా చదివినట్టుంది.

ఆఫీసుకి తిరిగొచ్చి మా పోయిన సినిమా జాబితా తీశాను. అదే దుకాణం. ఇంకో మూడు చోట్ల వరస నంబర్లు, లక్షకు కాస్త కింద ఆగిన మొత్తాలు. తర్వాత ఇద్దరు హోల్‌సేల్ వాళ్లకి ఫోన్ చేసి ఇదే రకం గుడ్డ ధర అడిగాను. మేము మీటరుకి అరవై ఎనిమిది ఇచ్చాం. వాళ్లు యాభై నాలుగు అన్నారు. మూడు దుకాణాల ధరలు తెప్పించి ఉంటే ఆ పద్నాలుగు రూపాయలు అప్పుడే బయటపడేవి.

మేడమ్ దగ్గరికి వెళ్లే ముందు మేనేజర్ గారి గదికి వెళ్లాను. అలా వెళ్లడం సరైన పద్ధతి కాదని తెలుసు. వెళ్లకుండా ఉండలేకపోయాను. కాగితాలు బల్ల మీద పరిచాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ చూశారు.

"హీరో డేట్లు నాలుగు రోజులే ఉన్నాయి. మేడమ్ అప్పుడు విదేశంలో లొకేషన్ చూస్తున్నారు. ఫైలు కదలాలంటే వారం. షెడ్డు అద్దె రోజుకెంతో నీకు తెలుసుగా? ముక్కలు చేసి పని నడిపించాను. కంపెనీ కోసమే చేశాను" అన్నారు.

"మేడమ్‌కి ఫోన్ చేస్తే మెయిల్‌లో ఓకే అనేవారు సార్. మరి పోయిన సినిమాలో? అప్పుడు మేడమ్ ఇక్కడే ఉన్నరు కదా" అన్నాను.

ఆయన పోయిన సినిమా కాగితాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.

"ధర కూడా ఎక్కువుంది సార్. మీటరుకి పద్నాలుగు."

కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. చాలాసేపు తుడిచారు. "నేనొక్క రూపాయి తినలేదు అమ్మాయ్. ఆ కొట్టాయన నలభై ఏళ్లుగా సినిమాలకి గుడ్డ ఇస్తున్నాడు. ఇప్పుడు ఆకాశాలన్నీ కంప్యూటర్లో చేస్తున్నారు. ఎవడడుగుతున్నాడు గుడ్డ? కొట్టు మూసేస్తానన్నాడు. ఇంకో ఏడాది నడవనీ అనుకున్నాను."

ఆ మాట నిజమేనని నాకు అనిపించింది. నిజమైనందుకే ఇంకా కష్టంగా అనిపించింది. ఆయన జాలి ఆయనది, డబ్బు మాత్రం మేడమ్‌ది.

లేవబోతుంటే అన్నారు, "ఐదింటిలో మూడు నువ్వే పాస్ చేశావు."

అది బెదిరింపో, హెచ్చరికో, ఊరికే గుర్తుచేయడమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ గొంతు అలసటగా ఉంది, అంతే.

ఆ రోజు స్కూటీ మీద వెళ్తుంటే సిగ్నల్ ఎప్పుడు పచ్చబడిందో చూడలేదు. వెనకవాళ్లు హారన్లు కొడుతున్నారు. మేడమ్‌కి ఇచ్చే నోటులో నా ముద్ర గురించి రాయకుండా మిగతాదంతా రాయచ్చు. రాస్తే నేనే సరిగ్గా చూడలేదని ఒప్పుకున్నట్టు. ఇంటికెళ్లి, అన్నం ముందు కూర్చుని, మనసులో ఆ నోటు పదిసార్లు రాసి కొట్టేశాను. పొద్దున్న ఆఫీసుకి అందరికంటే ముందు వచ్చి పదకొండోసారి రాశాను. బిల్లుల నంబర్లు, లారీ నంబరు, గేటు రిజిస్టరులో ఒక్క పద్దు, పాత సినిమా జాబితా, ధరల తేడా. కింద, "వీటిలో మూడు బిల్లులు నేనే పాస్ చేశాను. విడివిడిగా చూశాను, కలిపి చూడలేదు" అని రాసి సంతకం పెట్టాను. మేనేజర్ గారు డబ్బు తీసుకున్నారని రాయలేదు. అది నాకు తెలియని సంగతి.

మేడమ్ రెండుసార్లు చదివారు. "ఈయన నాకు ఫోన్ చేసుంటే నేను కాదనేదాన్నా?" అన్నారు. ఆవిడ కోపం కంటే ఆ ప్రశ్నే గదిలో ఎక్కువసేపు ఉండిపోయింది.

తర్వాత జరిగినవి త్వరగా జరిగాయి. కొట్టాయన తేడా మొత్తానికి క్రెడిట్ నోట్, అంటే అంత డబ్బు తగ్గించినట్టు కాగితం, ఇచ్చాడు. ఆయనే నేరుగా వచ్చి, బల్ల అంచు పట్టుకుని నిలబడి ఇచ్చి వెళ్లాడు. మేనేజర్ గారికి సంతకం అధికారం తీసేశారు. ఆయన సినిమా పూర్తయ్యేదాకా వచ్చి, ఆ తర్వాత మానేశారు. నాకు ఒక మెమో వచ్చింది. దాన్ని ఫైల్లో పెట్టుకున్నాను. కట్టుబాటు కూడా మారింది. ఇప్పుడు లక్ష అన్నది బిల్లుకి కాదు, అవసరానికి. ఒక పనికి ఒక దుకాణం నుంచి నెలలో ఎంత కొన్నా అంతా కలిపి లెక్కేస్తాం. ప్రతి బిల్లు మీదా గేటు ఎంట్రీ నంబరు ఉండాలి.

ఏడాది గడిచాక ఫిల్మ్ నగర్ గుట్ట మీది గుడి దగ్గర మేనేజర్ గారు కనిపించారు. చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు. నన్ను చూసి పక్కకి తప్పుకుంటారనుకున్నాను. తప్పుకోలేదు.

"బాగున్నావా అమ్మాయ్?"

"బాగున్న సార్. మీరు?"

ఏవో చిన్న సినిమాలు చేస్తున్నానన్నారు. టీ తాగుదామా అన్నారు. రోడ్డు పక్క నిలబడి తాగాం. కింద ఊరంతా పొగమంచులో తేలుతున్నట్టుంది. మేడల పై అంతస్తులు మాత్రమే కనిపిస్తున్నాయి.

"నా మీద కోపముందా సార్?" అని అడిగేశాను.

గ్లాసులోకి చూస్తూ, "కొన్నాళ్లుంది" అన్నారు. "నువ్వు నీ ముద్రల సంగతి కూడా రాశావని మేడమ్ చెప్పారు. ఆ తర్వాత కోపం నిలబడలేదు."

టీ డబ్బులు నేనివ్వబోతే వద్దన్నారు. ఇద్దరివీ ఆయనే ఇచ్చి, ఆటో ఆపి ఎక్కారు. మలుపు తిరిగేదాకా ఆయన చెయ్యి బయటికి కనిపిస్తూనే ఉంది. నేను ఖాళీ గ్లాసు పట్టుకుని మంచు విడిపోయేదాకా అక్కడే ఉన్నాను.