రెండు మెట్ల తగ్గింపు

తిరుప్పూరులో ఇరవయ్యేళ్లుగా మిల్లు తరఫున నూలు అమ్ముతున్నాను. బనియన్ల కంపెనీ యజమాని నాచిముత్తుకు వేరే మిల్లువాళ్లు కిలోకు రెండు రూపాయలు తక్కువకే ఇస్తామన్నారు.

"ఏడాదిలో యాభై టన్నులు తీసుకోండన్నా. మొదటి కిలో నుంచీ లెక్కగట్టి, కిలోకు మూడు రూపాయలు ఏడాది చివర వెనక్కిస్తాం," అన్నాను.

ఆయన తన కంపెనీ షెడ్డు వైపు తల తిప్పాడు. అప్పుడు గమనించాను, లోపల అల్లిక యంత్రాల్లో సగమే తిరుగుతున్నాయి.

"పోనీ, ముప్పై అని రాయనా?"

"వద్దు తంబీ. ఆ కాగితం మీ ఆఫీసులో నలుగురూ చూస్తారు. నా మిషన్లు ఆగాయని సాయంత్రానికి ఊరంతా చెప్పుకుంటుంది. యాభై అనే ఉంచు."

మిల్లు నాకిచ్చిన హద్దులోనే రెండు మెట్లు రాశాను: ముప్పై టన్నులు దాటితే రెండు రూపాయలు, యాభై దాటితే మూడు.

"ఇకనుంచి అందరికీ ఇదే కాగితమన్నా."

ఆయన చాలాసేపు చదివాడు. సంతకం పెడుతున్నప్పుడు ఎడమచేతి వేలు ముప్పై మీదే ఉంది.